వేపచెట్టు కింద చీటీ

వేపచెట్టు మొదట్లో పెంకు తీయగానే చిన్న ప్లాస్టిక్ డబ్బా కనిపించేసరికి ఆ అయిదుగురూ ఒక్క కేక పెట్టారు. మైదానంలో మిగతా జట్లన్నీ తలలు తిప్పి చూశాయి. మొదటి డబ్బా తమకే దొరికిందని వాళ్ల సంబరం. మూత తీసి చీటీ విప్పిన పాప మాత్రం చదువుతూ చదువుతూ నెమ్మదించింది. "ఇక్కడికి వచ్చారంటే 20నీ 10నీ తారుమారు చేశారు. నైరుతి మూల రాయి దగ్గరికి వెళ్లి, ముందు తూర్పుకు, తర్వాత ఉత్తరానికి నడవండి" అని ఉంది అందులో.

ఆ చీటీ రాసి పెట్టింది నేనే. ఏడో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. పటాల పాఠం చాలా ఏళ్లు నల్లబల్ల మీదే చెప్పాను. స్కేలు అంటే ఏమిటి, ప్రధాన దిక్కులు ఎన్ని, అక్షాంశం అంటే ఏమిటి అని అడిగితే పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్లు. పరీక్షలో మార్కులూ బాగానే వచ్చేవి. ఒకసారి తరగతిని మైదానంలోకి తీసుకెళ్లి, చేతికి పటం ఇచ్చి, "ఈ చుక్క ఎక్కడుందో వెళ్లి నిలబడండి" అన్నాను. నలభై మందిలో ఇద్దరో ముగ్గురో తప్ప ఎవరూ సరైన చోట నిలబడలేదు. పైగా ఎవరు ఎందుకు తప్పారో నాకూ తెలియలేదు. ఒకడు దూరం తప్పి ఉంటాడు, మరొకడు దిక్కు తప్పి ఉంటాడు, ఇంకొకడు అంకెలు తిరగేసి ఉంటాడు. నాకు కనబడింది మాత్రం ఎక్కడెక్కడో నిలబడ్డ పిల్లలే.

నిధి వేట ఆలోచన అక్కడే పుట్టింది. నిధిని ఒక్క సరైన చోట దాచి వదిలేస్తే అది అదృష్టం ఆట అయిపోతుంది. పిల్లలు మామూలుగా ఏ తప్పులు చేస్తారో ముందే తెలుసు కనుక, ఒక్కొక్క తప్పు వాళ్లను మైదానంలో ఎక్కడికి తీసుకెళ్తుందో లెక్కగట్టి, ఆ చోట్లలో కూడా డబ్బాలు పెట్టాను. తప్పు దారిన వెళ్లినవాళ్లకు కూడా ఒక చీటీ దొరుకుతుంది, తాము చేసిన తప్పేమిటో అది చెబుతుంది. ఇందుకు నాలుగు పీరియడ్లు, ఒక శనివారం ఉదయం పట్టాయి.

మొదటి పీరియడు స్కేలుకే సరిపోయింది. "స్కేలు అంటే ఏమిటి?" అనగానే సగం తరగతి సంచుల్లోంచి ప్లాస్టిక్ స్కేళ్లు తీసి పైకెత్తింది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కొలిచే బద్దనీ స్కేలే అంటాం, పటానికీ నేలకీ ఉన్న నిష్పత్తినీ స్కేలే అంటాం. అందుకని ఆ మాట కాసేపు పక్కన పెట్టి పని అప్పజెప్పాను. 30 మీటర్ల టేపు పట్టుకుని మైదానం కొలిచారు. తూర్పు పడమరలు 60 మీటర్లు, ఉత్తర దక్షిణాలు 40 మీటర్లు. దీన్ని ఏ3 డ్రాయింగ్ కాగితం మీదికి తేవాలి. ఆ కాగితం 42 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 30 సెంటీమీటర్ల వెడల్పు.

మొదట ఒకడు, సెంటీమీటరుకు మీటరు చొప్పున గీద్దామన్నాడు. అప్పుడు 60 సెంటీమీటర్ల కాగితం కావాలి, మైదానం కాగితం దాటిపోతుంది. ఇంకొకడు సెంటీమీటరుకు అయిదు మీటర్లన్నాడు. 12 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, ఇది హాయిగా పడుతుంది. సరే, గీసి జెండా స్తంభం పెట్టమన్నాను. మొండి పెన్సిలుతో చుక్క పెట్టాడు. "ఆ చుక్క మందం ఎంత?" అని అడిగితే కొలిచి ఒక మిల్లీమీటరు అన్నాడు. ఆ స్కేలులో మిల్లీమీటరంటే నేల మీద అర మీటరు. వాడి జెండా స్తంభం తాటిచెట్టు బోదె కంటే లావైపోయింది. ఆ చుక్క పక్కకు ఒక్క మిల్లీమీటరు జరిగిందంటే మైదానంలో స్తంభం అర మీటరు జరిగినట్టే.

చివరికి సెంటీమీటరుకు రెండు మీటర్ల దగ్గర కుదిరింది. మైదానం 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పుతో వచ్చి, చుట్టూ అంచు మిగిలింది. రెండు మీటర్లంటే 200 సెంటీమీటర్లు కాబట్టి దీన్నే 1:200 అని రాస్తాం. ఇందులో మిల్లీమీటరుకు నేల మీద 20 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు జానెడు. "పెన్సిలు గీత మందం జానెడు నేల" అన్న మాట తరగతిలో ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. అందరూ పెన్సిళ్లు చెక్కుకున్నారు.

ఇక్కడ పెద్దలు కూడా తడబడే సంగతి ఒకటుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు సాధారణంగా వాడే పటాల స్కేలు 1:50,000. అంకె పెద్దది కాబట్టి అదే పెద్ద స్కేలు పటం అనుకుంటారు. 200లో ఒక వంతు పెద్దదా, 50,000లో ఒక వంతు పెద్దదా అని అడిగి చూడండి, చిక్కు విడిపోతుంది. ఆ 1:50,000 పటంలో మా 60 మీటర్ల మైదానం పొడవు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. ఊరు, చెరువు, రోడ్డు చూపడానికి అది తగిన పటం. డబ్బా వెతుక్కోవడానికి పనికిరాదు.

స్కేలు గురించి నేను నేర్చుకున్న పాఠం మాత్రం వేరు. మొదటి ఏడాది నేను ఏ3 కాగితం మీద చక్కగా పటం గీసి, 1:200 అని రాసి, జట్టుకొకటి చొప్పున జిరాక్స్ తీయించాను. ఏ3 కాగితాలు లేవంటే ఏ4 మీదికి తగ్గించి ఇమ్మన్నాను. ఆ ఏడాది ఒక్క జట్టూ నిధి దాకా చేరలేదు. అందరూ ఒకే తీరుగా, చేరాల్సిన చోటికి ముందే ఆగిపోయారు. ఏ3ని ఏ4కి తగ్గిస్తే పొడవు 100కి 71 వంతులకు పడిపోతుంది. నా పటంలో 15 సెంటీమీటర్లున్న గీత వాళ్ల పటంలో 10.6 అయింది. వాళ్లు నమ్మకంగా రెండుతో గుణించి 21 మీటర్లు నడిచి ఆగారు. నడవాల్సింది 30 మీటర్లు. కాగితం చిన్నదైనా పటం మీద 1:200 అన్న అంకె మారలేదు, అదే వాళ్లను మోసం చేసింది. అప్పటి నుంచి పటం అడుగున అంకెతో పాటు గళ్లుగా విభజించిన స్కేలు గీత ఒకటి గీయిస్తున్నాను. 0, 10, 20 మీటర్లని రాసిన ఆ గీత పటంతో పాటే కుదించుకుంటుంది, పటంతో పాటే పెరుగుతుంది. దూరం కావలిస్తే కాగితం ముక్క అంచు మీద రెండు గుర్తులు పెట్టుకుని, దాన్ని ఆ గీత పక్కన ఆనించి చూసుకుంటే చాలు. ఫోన్లో పటాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూడండి. మూలనున్న స్కేలు గీత మీది అంకె కూడా మారుతుండటం కనిపిస్తుంది.

దిక్కులు మన పిల్లలకు కొత్త కాదు. ఈశాన్యం మూల బరువు పెట్టకూడదనీ, ఆగ్నేయం మూల పొయ్యి ఉండాలనీ ఇంట్లో వింటూనే ఉంటారు. ఎనిమిది దిక్కుల పేర్లు తడుముకోకుండా చెబుతారు. చిక్కల్లా ఆ దిక్కులు ఎటున్నాయో తేల్చుకోవడంలో. "పొద్దున సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఎదురుగా ఉండేది తూర్పు" అని చిన్నప్పటి నుంచీ నేర్పాం. సరిగ్గా తూర్పున సూర్యుడు ఉదయించేది ఏడాదిలో రెండుసార్లే, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో. మన తెలుగునేల మీద డిసెంబరు చివరికి వచ్చేసరికి సూర్యోదయం తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరుగుతుంది. జూన్‌లో అంతే మేర ఉత్తరానికి వెళ్తుంది. చలికాలంలో ఉదయించే సూర్యుణ్ణి నమ్మి దిక్కు పట్టుకున్నవాడు 30 మీటర్లు నడిస్తే, అసలు చోటికి 13 మీటర్లు పక్కన తేలతాడు.

దిక్కు తేల్చడానికి మైదానంలో ఒక కర్ర చాలు. నిటారుగా పాతిన కర్ర నీడ కొసన పొద్దున పదింటి వేళ ఒక మేకు గుచ్చాం. కర్ర మొదలుకి తాడు కట్టి, ఆ మేకు మీదుగా పోయేలా నేల మీద గుండ్రంగా గీత గీశాం. ఎండ పైకెక్కేకొద్దీ నీడ కుంచించుకుపోయి గుండ్రానికి లోపలికి వచ్చింది. మధ్యాహ్నం దాటాక మళ్లీ సాగింది. రెండున్నర ప్రాంతంలో నీడ కొస గుండ్రాన్ని మళ్లీ తాకినచోట రెండో మేకు పడింది. పొద్దుటి మేకు పడమర వైపుది, సాయంత్రపు మేకు తూర్పు వైపుది. రెండింటినీ తాడుతో కలిపితే అదే తూర్పు పడమర గీత. గుడి కట్టేముందు దిక్కులు తేల్చుకోవడానికి మన స్థపతులు వాడిన శంకువు ఇదే. ఆ రోజు పిల్లలు భోజనం గంట కొట్టాక కూడా వంతులవారీగా కాపలా ఉన్నారు, నీడ తమ కళ్లముందు గీత దాటే క్షణం పోతుందేమోనని.

దిక్సూచితో పని తొందరగా అవుతుంది. మన ప్రాంతంలో దాని ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూగానే ఉంటుంది కనుక బడి మైదానంలో ఆ తేడాను పట్టించుకోనక్కర లేదు. పట్టించుకోవాల్సింది ఇనుమును. ఒక జట్టు పటాన్ని నేల మీద పరచి, ఎగిరిపోకుండా జామెట్రీ బాక్సును బరువుగా పెట్టి, దాని పక్కనే దిక్సూచి ఉంచింది. ముల్లు బాక్సు వైపు వాలిపోయింది. బాక్సు తీసేస్తే తిరిగి వచ్చింది. ఆ వాలడం, తిరిగి రావడం చూశాక వాళ్లే బెల్టు బకిళ్లు, సెల్‌ఫోన్లు, ఇనప బెంచీలు అన్నీ అనుమానించడం మొదలుపెట్టారు. దిక్సూచి సరిగ్గా చెబుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. అక్కడ చూసిన దిక్కునే పది అడుగులు పక్కకు జరిగి మళ్లీ చూడాలి. రెండుచోట్లా ముల్లు ఒకే వైపు నిలిస్తే దగ్గరలో ఇనుము లేదన్నట్టు.

దిక్కును డిగ్రీల్లో చెప్పేటప్పుడు లెక్కల పాఠం అడ్డొస్తుంది. లెక్కల పుస్తకంలో కోణం కుడివైపు గీత దగ్గర మొదలై పైకి, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. పటంలో దిక్కు ఉత్తరం దగ్గర సున్నాతో మొదలై గడియారం ముళ్లు తిరిగే వైపే తిరుగుతుంది. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. రెండూ కోణమానినితోనే కొలుస్తారు కాబట్టి పిల్లలు అలవాటు కొద్దీ తూర్పు నుంచి కొలిచేస్తారు. ఈ తప్పు కోసం కూడా ఒక డబ్బా పెట్టాను. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఇక నిరూపకాలు. మైదానం నైరుతి మూలలో ఒక రాయి ఉంది. దాన్ని సున్నా, సున్నా అనుకున్నాం. అక్కడి నుంచి తూర్పుకు ఎన్ని మీటర్లు, తర్వాత ఉత్తరానికి ఎన్ని మీటర్లు అన్న రెండు అంకెలు చెబితే మైదానంలో ఏ చోటైనా దొరుకుతుంది. వేపచెట్టు (10, 20). జెండా స్తంభం (35, 20). సర్వే పటాల్లోనూ ఇదే వరస, ముందు తూర్పు, తర్వాత ఉత్తరం. "ముందు వరండాలో నడువు, తర్వాత మెట్లెక్కు" అని చెప్పాను. మా బడి వరండా, దాని చివరి మెట్లు వాళ్లకు రోజూ కాళ్ల కింద ఉండేవే కనుక ఆ మాట నిలిచింది.

ఒక పాప మాత్రం పట్టుకుంది. "మా నాన్న ఫోన్లో ముందు ఉత్తరం వస్తోంది మాస్టారూ" అంది. నిజమే. అక్షాంశ రేఖాంశాలు రాసేటప్పుడు ఉత్తర అక్షాంశం ముందు, తూర్పు రేఖాంశం తర్వాత రాయడం ఆచారం. చార్మినార్ స్థానం ఫోన్లో 17.36, 78.47 అని వస్తుంది. దాన్ని మన మైదానం వరసలో చదివి తిరగేస్తే 78.47 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 17.36 డిగ్రీల తూర్పు రేఖాంశం అవుతుంది. గ్లోబు తెచ్చి వెతికితే వేలు ఉత్తరధ్రువం దరిదాపుల్లో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల మీద ఆగింది. పాతబస్తీ నుంచి మంచుగడ్డల మధ్యకు వెళ్లిపోయాం. రెండు వరసలూ సరైనవే, ఏ వరస వాడుతున్నామో ముందు తెలుసుకోవాలంతే.

ఫోన్ ఉండగా ఈ తాడూ టేపూ ఎందుకని కూడా అడిగారు. ఆరుబయట ఫోన్ చూపే స్థానం మామూలుగా అయిదారు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. దారి చూసుకోవడానికి అది సరిపోతుంది. డబ్బా దొరకాలంటే మాత్రం అర మీటరు లోపు చేరాలి.

వేటకు ముందు ఇంకొక్క పని మిగిలింది, ప్రతి పిల్లా పిల్లాడూ తన అంగ ఎంతో తెలుసుకోవడం. 30 మీటర్ల తాడు పరచి దాని వెంట మామూలుగా మూడుసార్లు నడవమన్నాను. ఒకడికి 48, 50, 49 అంగలు వచ్చాయి. సగటు 49 కనుక అంగ 61 సెంటీమీటర్లు. కొలుస్తున్నామని తెలిసినప్పుడు పిల్లలు బిగదీసుకుని పెద్ద పెద్ద అంగలు వేస్తారు. ఆట మొదలయ్యాక ఆత్రంలో అంగలు చిన్నవవుతాయి. అందుకే లెక్కపెట్టే బాధ్యత జట్టులో నిదానస్తుడికి ఇమ్మంటాను.

వేట రోజు తెల్లవారకముందే ముళ్లూ గాజుపెంకులూ ఏరి, టేపుతో డబ్బాలు పెట్టాను. ఇనప డబ్బాలు కాదు, దిక్సూచిని పాడుచేస్తాయి కనుక ప్లాస్టిక్‌వి. ఒక్కొక్క డబ్బా మీద ఇంటి పెంకు ముక్క బోర్లించాను. ఖాళీ పెంకులు ఇంకో ముప్పై దాకా మైదానమంతా పరిచాను. అలా చేయకపోతే పిల్లలు పటం చూడటం మానేసి పెంకు కనబడిన చోటికి పరిగెడతారు. పెంకుకూ పెంకుకూ మధ్య రెండు మీటర్లకు తక్కువ కాకుండా చూశాను. తమ లెక్క ఆపిన చోటుకు దగ్గరున్న పెంకు ఒక్కటే ఎత్తాలన్నది నియమం.

మొదటి సూచన అందరికీ ఒకటే: (20, 10). రాయి దగ్గర నుంచి తూర్పుకు 20 మీటర్లు, అక్కడ చతురస్రంగా తిరిగి ఉత్తరానికి 10. ఈ చోటును నేను టేపుతో మరోలా కూడా సరిచూసుకున్నాను. రాయి నుంచి నేరుగా కొలిస్తే 22 మీటర్ల 36 సెంటీమీటర్లు రావాలి. రాకపోతే మూల మడమ తిరిగినప్పుడు కోణం చెడిందన్నమాట. అంకెలు తిరగేసినవాళ్లు (10, 20)కి, అంటే నేరుగా వేపచెట్టుకే చేరతారు. మొదట చెప్పిన జట్టు అదే.

(20, 10) దగ్గర డబ్బాలో రెండో సూచన: "ఉత్తరం నుంచి 53 డిగ్రీలు. 30 మీటర్లు." పటం మీద ఇది 15 సెంటీమీటర్ల గీత. 61 సెంటీమీటర్ల అంగవాడికి 49 అంగలు. సరిగ్గా వెళ్తే తూర్పుకు 24, ఉత్తరానికి 18 జరిగి (44, 28)కి చేరాలి. ఈ దారిని కావాలనే ఎంచుకున్నాను. పటం మీద గీత గీస్తే అది జెండా స్తంభం పక్కనుంచి పోతుంది. 18 మీటర్లు నడిచేసరికి స్తంభం సరిగ్గా కుడిచేతి వైపు మీటరు దూరంలో ఉండాలి. చేతికి అందేంత దగ్గర. దారి తప్పామో లేదో నడుస్తుండగానే చెప్పే సాక్షి అది. నాలుగు జట్లలో ఒక జట్టు మాత్రమే పటం మీద ఆ సంగతి ముందే గమనించి, "స్తంభం చెయ్యి చాస్తే తగలాలి" అని చెప్పుకుంటూ నడిచింది.

ఇంకో జట్టు 53 అంటే ఈశాన్యమేగా అని ఈశాన్యానికి నడిచింది. ఈశాన్యం 45 డిగ్రీలు. 8 డిగ్రీల తేడా 30 మీటర్లలో నాలుగు మీటర్లయింది. వాళ్లు ఎత్తిన పెంకు కింద ఏమీ లేదు. మూడో జట్టు లెక్కల పుస్తకం అలవాటుతో తూర్పు నుంచి 53 డిగ్రీలు తిప్పింది. వాళ్లకు స్తంభం ఆరు మీటర్ల దూరంలో ఉండిపోయింది. (38, 34) దగ్గర డబ్బా దొరికింది. "కోణం తూర్పు నుంచి కొలిచారు. పటానికి సున్నా ఉత్తరం" అన్న చీటీ చదివి, తిట్టుకోకుండా, కోణమానిని తిప్పి పెట్టుకుని అక్కడే కూర్చుని మళ్లీ గీశారు. ఆ దృశ్యం కోసమే నేను ఈ ఆట పెట్టాననిపించింది. ఎర్ర సిరాతో నేను పెట్టే ఇంటూ గుర్తు చూసి ఏ పిల్లాడూ అలా మళ్లీ గీయడానికి కూర్చోలేదు.

చివరి సూచన అన్నిటికంటే కష్టం. "వేపచెట్టుకు 15 మీటర్లు, జెండా స్తంభానికి 20 మీటర్లు. ఉత్తరం వైపు." దిక్కు డిగ్రీల్లో లేదు, అంకెల జంట లేదు. కాసేపు అందరూ చెట్టుకూ స్తంభానికీ మధ్య తిరుగుతూ అంగలు లెక్కపెట్టారు. నేను నోరు మెదపలేదు. చివరికి ఒక పాప పటం పరిచి వృత్తలేఖిని తీసింది. చెట్టు మీద ములుకు పెట్టి 7.5 సెంటీమీటర్ల చాపం గీసింది. స్తంభం మీద పెట్టి 10 సెంటీమీటర్ల చాపం గీసింది. రెండు చాపాలు రెండుచోట్ల ఖండించుకున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. "రెండు నిధులా?" అన్నాడు పక్కవాడు. "ఉత్తరం వైపు అన్నారుగా" అని ఆ పాప పై చుక్క చుట్టూ గుండ్రం చుట్టింది. స్కేలు పెట్టి చదివితే (19, 32). కింది చుక్క (19, 8) దగ్గర కూడా ఒక డబ్బా ఉంది, "సూచన చివరి మాట చదవలేదు" అన్న చీటీతో. ఇద్దరు అబ్బాయిలు దాన్నీ చూసి వచ్చారు.

(19, 32) దగ్గర పెంకు కింద పల్లీ పట్టీలున్నాయి. అన్ని జట్లూ వచ్చేదాకా ఆగి పంచుకున్నారు.

ఇదంతా మా మైదానం గోడలు దిక్కులకు సరిగ్గా ఉండబట్టి ఇంత సులువుగా నడిచింది. గోడ పది డిగ్రీలు వాలి ఉంటే గోడ వెంట కొలిచిన తూర్పూ దిక్సూచి తూర్పూ వేరవుతాయి. అలాంటి బడిలో ముందుగా నీడకర్రతో ఉత్తరం తేల్చి, పటం మీద బాణాన్ని ఏటవాలుగా గీసి, కోణమానినిని ఆ బాణానికి ఆనించి కొలవాలి. ఇది చేయకుండా ఆట పెడితే రెండో సూచన దగ్గర అన్ని జట్లూ ఒకే వైపు తప్పుతాయి. అందరూ ఒకే తీరుగా తప్పారంటే తప్పు పిల్లల్లో లేదు, పటంలో ఉంది. నా జిరాక్స్ విషయంలో జరిగింది అదే.

వేట అయిన పది రోజులకు ఒక పిల్లాడి తండ్రి బడికి వచ్చారు. చేతిలో మడతలు పడ్డ కాగితం, వాళ్ల చేను తాలూకు ఎఫ్ఎంబీ నకలు. "మీవాడు ఇది చూసి, ఇదీ మా మాస్టారి ఆటే నాన్నా అంటున్నాడండీ. మా చేనికి ఒక హద్దు రాయి కనబడక రెండేళ్లయింది" అన్నారు. చూస్తే పిల్లాడి మాట నిజమే. రెండు మూలల రాళ్ల మధ్య ఒక గీత, ఆ గీత మీద కొంత దూరం పోయాక పక్కకు లంబంగా ఇంకో గీత, దాని చివర హద్దు రాయి. గీత వెంట 150, పక్కకు 40. వరండాలో నడువు, మెట్లెక్కు.

ఆదివారం నేనూ వెళ్లాను. పిల్లాడు అడుగుల టేపు పట్టుకుని 150 అడుగులు కొలిచి, 40 అడుగులు పక్కకు నడిచి, పక్కవాళ్ల వరిలో తేలాడు. అక్కడ నిలబడి కాగితం మళ్లీ చూశాడు. రెండు మూల రాళ్ల మధ్య మొత్తం దూరం 310 అని ఉంది. వెనక్కి వచ్చి అది కూడా కొలిచాడు. టేపు మీద 205 అడుగులే వచ్చింది. "310 ఉండాలి కదా. ఇవి అడుగులు కావు మాస్టారూ" అన్నాడు. తండ్రి నవ్వి, "అవి లింకులు రా. గొలుసుకు 100 లింకులు, గొలుసు 66 అడుగులు" అన్నారు. పిల్లాడు గట్టు మీద కూర్చుని లెక్క వేశాడు. 150 లింకులంటే 99 అడుగులు. 40 అంటే 26 అడుగుల చిల్లర.

హద్దు తేల్చాల్సింది సర్వేయరే, మేం కాదు. ఆ సంగతి ముందే అనుకున్నాం. అయినా ఆ చోట గడ్డి కోసి గడ్డపార వేస్తే రెండోసారికే ఠంగుమంది. జానెడు లోతులో రాయి తల కనిపించింది. టేపు ఆగిన చోటికీ రాయికీ మధ్య మూరెడు దూరం. పిల్లాడు మోకాళ్ల మీద కూర్చుని ఆ మూర కూడా కొలిచాడు.

"రెండు లింకుల పైచిలుకు తేడా, మాస్టారూ" అన్నాడు.